సున్నాతో భాగిస్తే చప్పట్లు

12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు సున్నాతో భాగిస్తే వచ్చే రాశికి ‘ఖహరం’ అని పేరు పెట్టి, అది అనంతమని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత గణితజ్ఞులంతా ఆ మాట మీద తలలు బద్దలు కొట్టుకున్నారు. ఆ పంచాయితీ చివరికి 2024 మే నెలలో, ఒక ఆదివారం సాయంత్రం, మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, రెండు సమోసాలూ ఒక కప్పు టీ మధ్య తెగిపోయింది. తెంపినవారు ఆప్షన్లు అమ్మే ఒక పెద్దమనిషి. పేరు అనవసరం, ఇలాంటివారు ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఒకరున్నారు.

మే ఎండలో కోటు వేసుకొచ్చారాయన. అక్కడే మనకు అనుమానం రావాల్సింది. ప్రొజెక్టర్‌లో గ్రాఫ్ పెట్టారు. గీత ఎడమ నుంచి కుడికి మెట్రో స్టేషన్ ఎస్కలేటర్‌లా వెళ్తోంది. ప్రతి నెలా నిఫ్టీ ఇంతకు మించి పెరగదన్న పందెంగా పైన ఒక కాల్, ఇంతకన్నా పడదన్న పందెంగా కింద ఒక పుట్ అమ్ముతారట. ఎక్స్‌పైరీ దాకా నిఫ్టీ ఆ రెంటి మధ్యా బుద్ధిగా ఉంటే అమ్మినప్పుడు వచ్చిన ప్రీమియం మొత్తం జేబులో. 24 నెలల రికార్డు. లెక్క తేలికగా ఉండాలని నేను అంకెల్ని గుండ్రం చేస్తున్నాను: పన్నెండు నెలలు మూడున్నర శాతం, పన్నెండు నెలలు అర శాతం. సగటు నెలకు 2. నష్టం వచ్చిన నెల ఒక్కటీ లేదు.

తర్వాత స్లైడ్‌లో, రిస్కుకి తగ్గ రాబడి ఉందా అని కొలిచే రేషియోలకి మూడు గడులు. షార్ప్ రేషియో 3.46. ముందు వరుసలో ఎవరో ఈల వేశారు. సార్టినో రేషియో దగ్గర, సున్నాతో భాగించలేనని ఎక్సెల్ ఇలా రాసింది: `#DIV/0!`. కాల్మార్ రేషియో దగ్గరా అదే: `#DIV/0!`. మామూలు మనిషైతే సిగ్గుపడి ఆ గడిని తెల్లరంగుతో కప్పేస్తాడు. ఈయన లేజర్ లైటుతో దాని చుట్టూ సున్నా చుట్టి, గొంతు కాస్త తగ్గించి, “అనంతం అన్నమాట సార్. మా రిస్కుని ఎక్సెల్ కూడా కొలవలేకపోతోంది” అన్నారు. చప్పట్లు. రెండో వరుసలో ఒక రిటైర్డ్ ఇంజినీరుగారు, ముప్పై ఏళ్లు వంతెనల బరువు లెక్కలు కట్టిన మనిషి, ఆయన కూడా కొట్టారు. ప్రశ్నలున్నాయా అని అడిగితే ఒకాయన లేచి, మినిమమ్ ఎంత పెట్టాలి అన్నాడు.

ఇంతకీ ఆ గడుల వెనక ఏముందో చూద్దాం. విలియం షార్ప్ 1966లో 34 మ్యూచువల్ ఫండ్లను పోల్చడానికి ఈ కొలత తెచ్చాడు. ఎఫ్‌డీ లాంటి చోట ఊరికే వచ్చే వడ్డీని రాబడిలోంచి తీసేసి, మిగిలినదాన్ని ఒడిదుడుకులతో భాగించాలి. ఎఫ్‌డీ నెలకు అర శాతం అనుకుంటే పైన మిగిలేది ఒకటిన్నర. రాబడి సగటు చుట్టూ ఊగేది కూడా ఒకటిన్నరే. నెలకు 1, ఏడాది లెక్కకు పన్నెండు వర్గమూలంతో హెచ్చిస్తే 3.46. ఫండ్లకు ఇది సబబే, వాటి లాభాలూ నష్టాలూ ఇంచుమించు సమానంగా ఊగుతాయి. అయితే సగటుకు పైన ఊగినా కింద ఊగినా షార్ప్‌కి రెండూ ఒకటే తప్పు. మా తోడల్లుడు దీనికి బలి. అతగాడు ఆప్షన్లు అమ్మడు, కొంటాడు. పదకొండు నెలలు ఒక్కో శాతం పోగొట్టుకుని, పన్నెండో నెల 30 శాతం సంపాదిస్తాడు. ఏడాదికి 16 శాతం పైనే. అతని షార్ప్ 0.44. పెళ్లిళ్లలో ఎవరూ పక్కన కూర్చోరు.

పోనీ ఆ మంచి నెలలో 30 కాదు, వెయ్యి శాతం వచ్చిందనుకోండి. డబ్బు పదకొండు రెట్లయింది, కారు మార్చాడు. షార్ప్ ఎంత? 1.03. ఎంత సంపాదించినా 1.05 దాటదు, కావాలంటే కాగితం తీసుకుని వేసి చూసుకోండి. లాభం పెరిగేకొద్దీ కింద హారంలో ‘ఊగుడు’ కూడా అంతే పెరుగుతుంది. అంటే లాటరీ తగిలినవాణ్ణి, నిలకడ లేని మనిషివి అని తిట్టడం.

ఈ అన్యాయం చూసే సార్టినో వచ్చింది: కిందికి ఊగిందాన్నే లెక్కించు, పైకి ఊగితే వదిలెయ్ అని. దాని ప్రకారం మా తోడల్లుడికి 2.61. కాల్మార్ ఇంకా మొరటు. ఏడాది రాబడిని, ఖాతా శిఖరం నుంచి ఎంత లోతుకి జారిందో ఆ డ్రాడౌన్‌తో భాగిస్తుంది. అతనికి 16.4ని 10.5తో భాగిస్తే 1.56. న్యాయం జరిగింది. (పదకొండో నెలలోనే లెక్క ఆపితే మాత్రం సార్టినో, కాల్మార్ రెండూ మైనస్సే, నెలలన్నీ ఒకేలా ఉండి ఊగుడే లేదు కాబట్టి షార్ప్ గడిలో `#DIV/0!`. ఆ సంగతి అతనికి చెప్పకండి.)

ఇక్కడే చదువుకున్నవాళ్లు పొరపడతారు. షార్ప్ చెడ్డది, సార్టినో, కాల్మార్ మంచివి, లాభనష్టాలు ఒక పక్కకే ఒరిగిన రాబడులున్నచోట అవే వాడాలి అని మన ట్రేడింగ్ మేధావులు గంటలకొద్దీ ఉపన్యాసాలిస్తారు. తోడల్లుడి విషయంలో నిజమే. కోటు పెద్దమనిషి విషయంలో? నష్టం ఇంకా రాని రికార్డులో కింద హారం సున్నా. షార్ప్ కనీసం 3.46 అని ఒక హద్దులో పొగిడింది, నష్టాన్ని పట్టుకుంటాయని మనం తెచ్చిపెట్టుకున్న రెండూ ఆయన్ని ఏకంగా దేవుణ్ణి చేశాయి. రికార్డులో పడని నష్టాన్ని ఏ రేషియో కొలుస్తుంది? దొంగతనం జరగని ఇంటికి తాళం గట్టిదని పోలీసు సర్టిఫికెట్ ఇచ్చినట్టుంది.

25వ నెల వచ్చింది. జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ 3 శాతం పైన ఎగిరింది. పైన అమ్మిన కాల్స్ మండిపోతుంటే, ఈయన వాటిని నష్టానికి మూసి, కింద పుట్‌లను ఇంకా పైకి జరిపి అమ్మారు. దీన్ని వాళ్ల భాషలో ‘అడ్జస్ట్‌మెంట్’ అంటారు. మర్నాడు జూన్ 4, ఓట్ల లెక్కింపు. నిఫ్టీ 5.93 శాతం పడింది. పూచీగా ఉంచిన మార్జిన్ చాలక మధ్యాహ్నానికి బ్రోకరే పొజిషన్లన్నీ మూసి స్క్వేర్ ఆఫ్ చేసేశాడు. మరుసటి రోజు నిఫ్టీ తిరిగి లేచింది, కానీ అప్పటికి లేవడానికి పొజిషన్ ఏదీ? నెల మొత్తానికి మైనస్ 30.

ఇప్పుడు అవే గడులు మళ్లీ నింపండి. షార్ప్ 3.46 నుంచి 0.12. సార్టినో అనంతం నుంచి 0.12. అవును, రెండూ ఒకే అంకె, ఎందుకంటే ఇప్పుడు ఊగినదల్లా కిందికే ఊగింది. కాల్మార్ 0.19. అన్ని రేషియోలకీ ఒక్కసారిగా జ్ఞానోదయమైంది, శవం లేచాక జాతకం చెప్పినట్టు. ఇంకో చిత్రం చూడండి. మొదటి రోజు పెట్టిన లక్ష 24 నెలలకు 1,60,400 అయి, ఒక్క నెలలో 1,12,300కి వచ్చింది. అదే లక్ష ఎఫ్‌డీలో కదలకుండా కూర్చుని 1,13,280 అయింది. ఎఫ్‌డీకన్నా తక్కువ మిగిలినా షార్ప్, సార్టినో ఇంకా ప్లస్‌లోనే ఉన్నాయి! అవి నెలల సగటు తీసుకుంటాయి, జేబులో మిగిలిందాన్ని కాదు. ఈ ఒక్క విషయంలో కాల్మార్ నయం, చక్రవడ్డీ రాబడినే తీసుకుంటుంది.

అమెరికాలో ఈ కథ ముందే పెద్దెత్తున ఆడేసింది. మార్కెట్ భయాన్ని కొలిచే విక్స్ సూచీ పడితే లాభమిచ్చే, షేర్లలా చేతులు మారే ఎక్స్‌ఐవీ అనే నోటు 2010 నుంచి అమ్మారు, ఏళ్లకేళ్లు చక్కగా పెరిగింది. 2018 ఫిబ్రవరి 5న విక్స్ ఒక్క రోజులో 17.31 నుంచి 37.32కి ఎగిరింది. నోటు విలువలో 90 శాతం పైగా ఆవిరై, దాన్ని మూసేశారు. ఒక రోజులో ఇంత పడితే మూసేస్తామని దాని ఆఫర్ పత్రంలోనే ఉంది. దీర్ఘకాలంలో దీని విలువ సున్నా అని ఆశించాలి అని కూడా అందులోనే అచ్చేశారు. రేషియోలు చూసినవాళ్లంతా ఆ పత్రం తప్ప అన్నీ చదివారు.

నేను ఇంతసేపు నవ్వుతూ రాసుకొచ్చాను. ఇక నవ్వు రావడం లేదు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో మా మావయ్య ఉన్నాడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పిన మనిషి. 24 నెలల ఎస్కలేటర్ ఆయన ఎక్కలేదు, చూశాడంతే. ఎక్కింది 25వ నెలకి. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు 20 లక్షలు పెడితే నెల తిరిగేసరికి 14 మిగిలింది. ఆయన షార్ప్ ఎంతరా, ఆయన సార్టినో ఎంత? ఆ 1,12,300 కూడా ఆయనది కాదే! ఆ కోటు మనిషికి తెలియదనుకుంటున్నారా? నిఫ్టీ రేపు 6 శాతం కదిలితే ఎంత పోతుందో బ్రోకర్ స్క్రీన్ మీద రోజూ చూస్తాడు. అది చెప్పడానికి రేషియో అక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం మింగి, భాగించలేక కంప్యూటర్ మొత్తుకుంటున్న గడి చుట్టూ లేజర్ లైటు తిప్పాడు. లెక్కల మాస్టారి ముందు నిలబడి తిప్పాడు!

కాబట్టి ఎవరైనా మీకు ఇలాంటి షీట్ పంపితే, చివర్న ఇంకో వరుస చేర్చి మీరే మైనస్ 30 రాయండి. పాపం పుణ్యం తెలియని ఎక్సెల్ అప్పుడే నిజం చెబుతుంది. 30 ఎక్కడిదని అడిగితే, అమ్మిన పుట్‌లు ఏ స్ట్రైకువి, ఎన్ని లాట్లు, ఇండెక్స్ 6 శాతం పడితే ఎంత పోతుంది అని తిరిగి అడగండి. నెలాఖరు అంకెలు ఒప్పుకోకండి, రోజువారీవి అడగండి. నెల మధ్యలో ఎంత లోతుకి జారి లేచాడో నెలాఖరులో కనపడదు.

మొన్న ఆయన మళ్లీ వచ్చారు. అదే క్లబ్‌హౌస్, అవే సమోసాలు, కోటు మాత్రం కొత్తది. గ్రాఫ్ 2024 జూలై నుంచి మొదలైంది. జూన్ ఎక్కడండీ అని అడిగాను.

“అది పాత వెర్షన్ సార్” అన్నారు, అంటూనే స్లైడ్ మార్చారు. సార్టినో గడిలో `#DIV/0!`. వెనక వరుసలో మా మావయ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముందు వరుసలో ఎవరో ఈల వేశారు.