ఆ 75 శాతం గొడవ, డ్రమ్స్ మైకులు చెప్పే సంగతి

ఐరిష్ రాక్ బ్యాండ్ థిన్ లిజ్జీ వాళ్ల 1978 లైవ్ ఆల్బమ్ 'లైవ్ అండ్ డేంజరస్' నాకు ప్రాణం. అందుకే దాని చుట్టూ నడిచే వాదన చూస్తే ఒళ్లు మండుతుంది. అందులో 75 శాతం స్టూడియోలో మళ్లీ వాయించినదేనని నిర్మాత టోనీ విస్కాంటి అన్నాడు. కాదు, 75 శాతం వేదిక మీదిదే, కోరస్ గొంతులు, అక్కడక్కడ గిటార్ మాత్రమే సరిచేశామని బ్యాండ్ మేనేజర్ అన్నాడు. అభిమానులు ఇప్పటికీ ఈ అంకె పట్టుకుని కొట్టుకుంటున్నారు.

దేంట్లో 75 శాతం? నిమిషాల్లోనా, ఒక్కో వాయిద్యానికీ గొంతుకీ విడివిడిగా తీసిన ట్రాకుల్లోనా? అది తేల్చకుండా ఆ అంకెకు అర్థమే లేదు.

అసలు చూడాల్సింది ఒక మైకులోకి పక్క శబ్దం ఎంత దూరుతుందన్నది. దీన్నే లీకేజ్ అంటారు. రాక్ వేదిక మీద ఆంప్లిఫయర్లు హోరెత్తిపోతుంటాయి. డ్రమ్స్ ముందున్న మైకుల్లోకి గిటార్, బేస్, గొంతు అన్నీ వచ్చి పడతాయి. ఇప్పుడు గాయకుడు ఒక లైను తప్పు పాడాడనుకోండి. అతని ట్రాక్ చెరిపేసి స్టూడియోలో కొత్తగా పాడించవచ్చు. కానీ పాత తప్పు డ్రమ్స్ ట్రాకుల్లో సన్నగా మిగిలే ఉంటుంది. కొత్త గొంతు సరిగ్గా అదే క్షణంలో పడకపోతే వెనకాల నీడలా ఇంకో గొంతు వినిపిస్తుంది. బేస్ అయితే ఇంకా కష్టం, లోతైన ఆ శబ్దం ఎక్కడపడితే అక్కడ చేరుతుంది. అందుకే మరమ్మతు చేసేవాళ్లు డ్రమ్స్ జోలికి పోరు. మిగతావన్నీ దాని మీదే పేరుస్తారు.

ఈ బ్యాండ్ గాయకుడు ఫిల్ లైనట్ బేస్ వాయిస్తూనే పాడేవాడు. వేదికంతా కలియదిరుగుతూ మైకుకు దూరమైతే ఆ లైను పోయినట్టే. అలాంటి చోట ఒకటి రెండు లైన్లు మళ్లీ పాడితే నాకు అభ్యంతరం లేదు. ఆ రాత్రి హాల్లో ఉన్నవాళ్లకు ఆ పాట తెలుసు, పోయిన లైను వాళ్లు మనసులోనే పూరించుకున్నారు. ఇంట్లో రికార్డు వినేవాడికి ఆ వెసులుబాటు లేదు.

నాకు కోపం వచ్చేది చెప్పకపోవడం మీద. కవర్ మీద ఏ హాల్లో తీశారో రాసినవాళ్లు, ఏ స్టూడియోలో ఏ గొంతు మార్చారో కూడా ఒక్క వాక్యం రాయవచ్చు కదా!

2023లో ఆ కచేరీలను పూర్తిగా, ఎనిమిది సీడీల పెట్టెగా తెచ్చారు. లండన్ హ్యామర్‌స్మిత్ ఓడియన్‌లో 1976 నవంబర్ రాత్రులు అందులో ఉన్నాయి. గొడవపడేవాళ్లు ముందు అది తీసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అదే పాటను పాత ఆల్బమ్‌తో పక్కపక్కనే వినండి. మొదట కోరస్ గొంతులు వినండి. వేదిక మీద చెమటలు కక్కుతూ పాడిన ముగ్గురి గొంతులు అంత నున్నగా, అంత కచ్చితంగా కలవడం అరుదు. అక్కడే తేడా తెలుస్తుంది.