ఆరోగ్యశ్రీ బోర్డు ఉంటే చాలా?

“రేషన్ కార్డు ఉంది, ఆసుపత్రి ముందు ఆరోగ్యశ్రీ బోర్డూ ఉంది. అయినా మా నాన్నకు స్టెంట్ వేయడానికి డబ్బు కట్టించుకున్నారు. ఇక ఈ పథకం ఎవరి కోసం?”

అక్క: ఆ ఆసుపత్రిలో బోర్డు కింద ఏ విభాగాలు రాసున్నాయో చూశావా తమ్మీ?

తమ్ముడు: ఎముకల విభాగం అని రాసుందట. పొద్దున చెప్పారు. రాత్రి ఎవరు చూస్తారక్కా? నాన్నకు చెమటలు పడుతుంటే ఆటోలో పడుకోబెట్టి దగ్గర్లో ఉన్నదానికి తీసుకెళ్లా.

అక్క: తీసుకెళ్లడం తప్పు కాదు. కానీ పథకంలో ఆసుపత్రి మొత్తాన్ని చేర్చరు, విభాగాల వారీగా చేరుస్తారు. ఎముకలకు అనుమతి ఉన్నచోట గుండెకు ఉండకపోవచ్చు. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర నేను ఆరోగ్యమిత్రగా కూర్చున్నప్పుడు రోజూ ఈ గొడవే. క్యాజువాలిటీలో అడ్వాన్స్ కట్టి క్యాష్ పేషెంటుగా చేరతారు, ఆ తర్వాత కార్డు తీస్తారు. అప్పటికి చేయి దాటిపోతుంది. ముందే మిత్ర దగ్గరికి వస్తే రేషన్ కార్డు, ఆధార్ చూసి పేరు నమోదు చేస్తారు. డాక్టర్లు ఈసీజీ, యాంజియోగ్రామ్ ఆన్‌లైన్‌లో పంపుతారు. పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టు డాక్టర్లు చూసి అనుమతిస్తే ఆపరేషన్. ప్రాణం మీదికొస్తే ఫోన్‌లోనే అనుమతి తీసుకుని కాగితాలు తర్వాత పంపుతారు. అలా అయితే మందులు, భోజనం, ఇంటికెళ్లే చార్జీ కూడా ప్యాకేజీలోనే. ముందు నువ్వు కట్టేస్తే మాత్రం ట్రస్టు ఆ బిల్లు తిరిగి ఇవ్వదు.

తమ్ముడు: రూలు బాగానే ఉంది. బకాయిలు రాలేదని ఆసుపత్రులే సేవలు ఆపేస్తే మిత్ర ఏం చేస్తాడు? బెడ్లు లేవంటారు. అదే డబ్బు కడితే బెడ్డు దొరుకుతుంది.

అక్క: అది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. 104కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు, గుండెకు అనుమతి ఉన్న ఆసుపత్రి ఏదో అడగొచ్చు. నిమ్స్, గాంధీ, ఉస్మానియా కూడా ఉన్నాయి.

తమ్ముడు: గాంధీలో లైను చూశావా? అసలు మా గల్లీలో మూడంతస్తుల ఇల్లున్నాయనకు కార్డుంది. నా పెళ్లాం పేరు మాత్రం మా కార్డులో లేదు.

అక్క: ఆయన సంగతి వదిలెయ్. నగరంలో ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదని రూలు, ఆయనకెలా వచ్చిందో ఇచ్చినవాళ్లు చెప్పాలి.

తమ్ముడు: ఎలా వదిలేస్తా? మా పేర్లు ఎక్కకపోవడానికి అలాంటివాళ్లే కారణం.

అక్క: కాదు. నీ పెళ్లయ్యాక ఆ అమ్మాయి పేరు చేర్చమని నువ్వు దరఖాస్తే పెట్టలేదు. ఆరోగ్యశ్రీకి వేరే నమోదేమీ లేదు, రేషన్ కార్డులో పేరుంటేనే లెక్క. తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచిన చికిత్స ఖర్చు పరిమితి కుటుంబం మొత్తానికి, ఏడాదికి. కార్డులో లేని మనిషికి అందులో ఒక్క రూపాయీ రాదు.

తమ్ముడు: మరి నేను కట్టిన డబ్బు?

అక్క: ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకో. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ ఎవరికీ ఇచ్చేయకు. ఎంత ఇస్తారో, ఎప్పుడు ఇస్తారో చెప్పలేను. కార్డులో నీ పెళ్లాం పేరు చేర్పించడానికి మీ సేవకు మాత్రం రేపే వెళ్లు.