గుంట తవ్వకుండానే సంతకమా?

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చిపడ్డాక సింగ్ నగర్, పాయకాపురం వైపు పాత డాబాల మీద పై అంతస్తు వేసుకోవాలన్న తొందర ఎంత పెరిగిందో అందరికీ తెలిసిందే. నేల మీద చోటు లేదు, మళ్లీ నీళ్లొస్తే ఎక్కి కూర్చోవడానికి ఓ గది కావాలి, జనం పైకి కట్టక ఏం చేస్తారు అనేవాళ్లున్నారు. నిజమే, కట్టుకోవద్దని మేమూ అనడం లేదు. మా కోపం ఆ ఇంటి కింద ఏముందో చూడకుండానే, పై అంతస్తుని మోస్తుందని కాగితం మీద సంతకం పెట్టి వెళ్తున్న ఇంజనీర్ల మీద.

మొన్న మేము చూసిన ఇల్లు ఒకటి చెప్తాం. ఇరవై ఏళ్ల కిందటి ఒంటి అంతస్తు. మీద గోడలు లేచాయి, స్లాబ్ కూడా వేసేశారు. కింద గది కిటికీ మూల నుంచి గోడ మీదకి ఏటవాలుగా గీత, పైకి వెళ్లేకొద్దీ వెడల్పయ్యే గీత. సున్నంలో వచ్చే సన్న గీతలు అలా ఉండవు, ఇది ఒక పక్క పునాది కుంగుతోందన్న కబురు. ఇంటాయన్ని పునాది ఎంత అని అడిగితే "మూడంతస్తులకు సరిపోద్దని మేస్త్రి చెప్పాడండీ" అన్నాడు. సర్టిఫికెట్ మాత్రం ఉంది, ముద్ర, సంతకం, అన్నీ. పిల్లర్ పక్కన ఒక్క గుంట కూడా తవ్వలేదు.

లెక్క చూడండి. నడిమి పిల్లర్ మోసేది సుమారు 110 చదరపు అడుగులు అనుకుందాం. స్లాబు, గోడలు, సామాను, మనుషులు కలిపి ఒక అంతస్తుకి చదరపు అడుగుకి ఉరామరిగా వంద కిలోలు, అంటే 11 టన్నులు. నేల లోపల ఆ పిల్లర్‌ని మోసే కాంక్రీటు దిమ్మె, అంటే ఫుటింగు, నాలుగడుగుల చదరం, 16 చదరపు అడుగులు. నేల చదరపు మీటరుకి 10 టన్నులు ఓర్చుకుంటుందనుకుంటే ఆ ఫుటింగు మోయగలిగేది 15 టన్నులు. ఒక అంతస్తుకి దర్జాగా సరిపోతుంది. రెండోది వేస్తే 22 అవుతుంది, ఫుటింగు అయిదడుగుల చదరమన్నా ఉండాలి. నల్లరేగడి అయితే తడికి ఉబ్బి ఎండకి ముడుచుకుంటుంది కాబట్టి ఆ 10 టన్నుల మాట కూడా మట్టి పరీక్ష చేయించాకే అనాలి. ఇదంతా తెలియాలంటే ఒకటే దారి: ఒక మూల పిల్లర్, ఒక నడిమి పిల్లర్ పక్కన ఫుటింగు అడుగు కనిపించేదాకా తవ్వి, టేపు పెట్టి కొలవాలి. ఒక పూట కూలి. దానికే ఓపిక లేకపోతే ఆ సంతకం దేనికి?

ఇక పైన అతుకు. పాత పిల్లర్ల మీద ఏళ్ల తరబడి వానకి తడిసిన ఊచలు నిలబడి ఉంటాయి. వాటినే సమ్మెటతో కొట్టి నిటారు చేసి కొత్త ఊచలు కట్టేస్తున్నారు. తుప్పు గీకి కొలిస్తే 12 మిల్లీమీటర్ల ఊచ 10కి వచ్చిందంటే బలంలో దాదాపు మూడో వంతు పోయినట్టే. 12 మిల్లీమీటర్ల ఊచకి అతుకు రెండడుగులన్నా ఉండాలి, అక్కడ రింగులు దగ్గర దగ్గరగా పడాలి. అసలు ఊచలే వదలని ఇళ్లలో ఇంకా దారుణం, నాలుగంగుళాల బొక్క కొట్టి సిమెంటు పాలు పోసి ఊచ దింపేస్తున్నారు. చేత్తో లాగితే వచ్చేస్తుంది (మేము లాగి చూశాం, వచ్చింది). బొక్క తగినంత లోతుగా కొట్టి, బ్రష్‌తో తోమి, గాలి కొట్టి దుమ్ము తీసి, ఎపాక్సీ లాంటి రసాయన జిగురు నింపి ఊచ దించాలి. ఒకటి రెండు ఊచలు లాగి పరీక్షించాలి కూడా. దుమ్ము మిగిలితే ఎంత ఖరీదైన జిగురైనా దుమ్మునే పట్టుకుంటుంది, కాంక్రీటుని కాదు. కొందరైతే కింద పిల్లరే లేని చోట, బీము నడుమ కొత్త పిల్లర్ లేపుతున్నారు.

కింద పిల్లర్ సన్నగా ఉందని చుట్టూ కొత్త కాంక్రీటు తొడిగే వాళ్లూ ఉన్నారు, మంచిదే. కానీ ఆ తొడుగు గచ్చు దగ్గరే ఆగిపోతే వట్టి మేకప్. దాని ఊచలు గచ్చు పగలగొట్టి ఫుటింగు దాకా దిగాలి, ఫుటింగు కూడా పెరగాలి, అదీ స్లాబుకి పోట్లు పెట్టుకుని ఒక్కో పిల్లరే విప్పుతూ. అంటే మళ్లీ తవ్వాల్సిందే! అందుకే ఎవరూ చెప్పరు.

వాస్తుకి ఈశాన్యం బరువెక్కుతుందా అని ముగ్గురిని అడుగుతారు, ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ జానెడు తగ్గితే నోటీసొస్తుంది, అపరాధ రుసుం కట్టించుకోవడానికి పథకాలొస్తుంటాయి. ఇంత మంది చుట్టూ తిరిగే ఇంట్లో నేల కింద నాలుగడుగులు చూసిన మనిషి ఒక్కడూ లేడు. రుసుం కడితే ఫుటింగు పెరుగుతుందా? గుంట ఫొటో, ఫుటింగు కొలత, ఊచ కొలత జత చేయని ఏ సర్టిఫికెట్‌నీ తీసుకోవద్దు. ఇప్పటికే సంతకాలు పెట్టిన ఇంజనీర్లు ఏ ఇంట్లో ఏ పిల్లర్ పక్కన తవ్వించారో చెప్పండి, మేము వచ్చి చూస్తాం.