పిలిచి మరీ పెట్టుకున్న పేరంటం

మా స్క్రమ్ మాస్టర్ తమ్ముడి పెళ్లికని భీమవరం వెళ్తూ, "శుక్రవారం రెండు మీటింగులే, మీరు చూసుకోండి" అని నాకు అప్పజెప్పింది. మూడింటికి రివ్యూ, అయిదింటికి రెట్రో. రివ్యూ ఇన్వైట్ చేసేశాక, రెట్రోకి మళ్లీ మొదట్నుంచీ ఎందుకులే అని దాన్నే డూప్లికేట్ కొట్టి పేరూ టైమూ మార్చాను. పిలిచినవాళ్ల జాబితా కూడా వెంటే వస్తుందని తట్టలేదు.

రివ్యూలో రీఫండ్ స్క్రీన్ చూపిస్తున్నాం. ఆర్డర్ నంబరు కొట్టగానే తెల్లటి పేజీ. ఎవరో మధ్యాహ్నం టెస్ట్ డేటా తుడిచేశారు. అప్పటికప్పుడు కొత్త ఆర్డర్ ఒకటి పెట్టి గట్టెక్కాం. క్లయింటు మేడం అంతా ఓపిగ్గా చూసి, "మా కాల్ సెంటర్‌కి ఫోన్ చేసేవాళ్లకి ఆర్డర్ నంబరు ఎక్కడ గుర్తుంటుంది? ఫోన్ నంబరుతో వెతకనివ్వండి" అంది. మా ప్రోడక్ట్ ఓనర్ దాన్ని బ్యాక్‌లాగ్‌లో పైకి లాగి, పీడీఎఫ్ రిపోర్టుని కిందికి తోసింది. రివ్యూలో తేలాల్సింది అదే: చేసింది చూసి, ఇకపై ఏం చెయ్యాలో. అందుకే బయటివాళ్లని పిలుస్తాం.

డేటా ఎవరు తుడిచారు, మళ్లీ అలా జరక్కుండా ఏం చెయ్యాలి అన్నది రెట్రో సంగతి. అది ఇంట్లోవాళ్ల పంచాయతీ. డెవలపర్లు, టెస్టర్లు, స్క్రమ్ మాస్టర్, ప్రోడక్ట్ ఓనర్, అంతే. (ప్రోడక్ట్ ఓనర్ ఎందుకని మావాళ్లు ఏటా ఓసారి అడుగుతారు. ఆవిడా టీమే బాబూ.)

అయిదింటికి బోర్డు తెరిచాను. పేర్లు లేని చీటీలు అప్పటికే పడి ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది పసుపుది: "డెమోకి గంట ముందు మార్పులు అడగడం క్లయింటు మానాలి."

ఎవరూ నోరు మెదపరు. అడిగితే "అంతా బాగానే జరిగిందండీ" అంటారు. పోయిన రెట్రోలో బిల్డు గురించి అరగంట కొట్టుకున్న మనుషులు! అనుమానమొచ్చి హాజరు పట్టీ చూశాను. మేడం ఉంది. కెమెరా ఆన్‌లోనే ఉంది.

"ఆ పసుపు చీటీ నా గురించేనా?"

మా టెస్టింగ్ అబ్బాయి "నెట్ పోతోంది" అని మాయమయ్యాడు. వాడు కూర్చున్నది నా పక్క సీట్లోనే.

నాకు చేతులాడలేదు. తప్పు దిద్దుదామని గబగబా ఇన్వైట్ తెరిచి, ఆవిడ పేరు తీసేసి, సేవ్ నొక్కాను.

రెండు క్షణాల తర్వాత ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "ఈ మీటింగు రద్దయిందని నాకిప్పుడే మెయిల్ వచ్చింది. మరి మీరంతా ఇంకా ఇక్కడే ఉన్నారేం?"