సవరణ: సిమిలారిటీ శాతమే శిక్ష కాదు

"నాకు 34 శాతం వచ్చింది, మీ పోస్టు ప్రకారం నన్ను యూనివర్సిటీ నుంచి తీసేస్తారా?"

లేదండీ, తప్పు నాదే. కాపీ కొట్టడం గురించి రాసిన పోయిన పోస్టులో సిమిలారిటీ శాతాన్నే, అంటే మన రాతలో ఎంత భాగం వేరే రచనలతో కలిసిందో సాఫ్ట్‌వేర్ చూపే అంకెనే, శిక్షకు కొలతలా రాసేశాను. ఆ 34లో రిఫరెన్సుల జాబితా, కోట్ చేసిన వాక్యాలు కూడా కలిసి ఉండొచ్చు, అవి తీసేశాక ఎంత మిగిలింది, ఎక్కడ మిగిలింది అన్నదే చూస్తారు.

ఉదాహరణకు ఇద్దరు ఒకే పుస్తకంలోంచి అవే రెండు పేరాలు ఎత్తారనుకోండి. ఒకరు మొదటి ఏడాది విద్యార్థి, పుస్తకం పేరు చివర్లో ఇచ్చారు గానీ కొటేషన్ గుర్తులు పెట్టలేదు: మామూలుగా హెచ్చరిక, మళ్లీ రాసివ్వమనడం. ఇంకొకరు పుస్తకం పేరే ఎత్తకుండా, పట్టుబడకుండా అక్కడక్కడా మాటలు మార్చారు. దాచే ప్రయత్నమే ఉద్దేశానికి సాక్ష్యం, సున్నా మార్కులు పడొచ్చు. బహిష్కరణ సాధారణంగా మళ్లీ మళ్లీ చేసినవాళ్లకి, లేదా థీసిస్ మొత్తం కొని తెచ్చుకున్నవాళ్లకి.

ఇంకో పొరపాటు కూడా చేశాను. "తెలియక చేశాను" అంటే వదిలేస్తారని రాశాను కదా, చాలా యూనివర్సిటీల పాలసీల్లో అది తప్పును చెరపదు, శిక్షను మాత్రమే తగ్గిస్తుంది. మీ పాలసీలో కాపీ అంటే ఏమిటన్న నిర్వచనం, శిక్షలు వేర్వేరు సెక్షన్లలో ఉంటే 'ఉద్దేశం' అన్న మాట ఏ సెక్షన్లో ఉందో వెతకండి: శిక్షల్లో మాత్రమే ఉంటే, తెలియక చేసినా అది తప్పే, శిక్ష తగ్గొచ్చు అంతే.