12 వోల్టులకి 2,86,000 ఆర్పీఎమ్ అట!

«డీసీ మోటార్ మోడలింగ్ ఒక్క నిమిషంలో! 1. మోటారంటే చుట్టిన తీగే. R, L కొలిస్తే మోడల్ రెడీ, మోటార్ ఎంత త్వరగా స్పందిస్తుందో L/R చెప్పేస్తుంది. 2. బ్యాక్ ఈఎంఎఫ్ అనేది చిన్న నష్టం, లెక్కలో వదిలేయండి. కరెంటు ఎప్పుడూ V/R. 3. Kt వేరు, Ke వేరు, రెండిటికీ సంబంధం లేదు. 4. వోల్టేజిని బట్టి షాఫ్ట్ ఒక కోణానికి వెళ్లి ఆగుతుంది. 5. ఫ్రిక్షన్‌ని bω అని రాస్తే చాలు. నలుగురికీ పంపండి!»

ఈ మెసేజ్‌ని నలుగురికీ పంపారు. ఆ నలుగురూ నాకు పంపారు. మొదటిసారి చదివి ఊరుకున్నాను. ఇప్పుడు మోటార్ డ్రైవర్ కొనబోయేవాళ్లు కూడా దీన్ని పట్టుకుని లెక్కలు వేస్తున్నారు కాబట్టి ఊరుకోవడం కుదరట్లేదు.

మాటల్తో వాదించే బదులు ఒక మోటారుని ముందు పెట్టుకుందాం. నేను ఎంచుకున్న అంకెలివి: R = 2 ఓమ్‌లు, L = 1 మిల్లీహెన్రీ, K = 0.05 (SI యూనిట్లలో), రోటర్ ఇనర్షియా J = 0.00005, ఫ్రిక్షన్ b = 0.00001. సప్లై 12 వోల్టులు. సమీకరణాలు ఇవే, ఇంతకు మించి ఏమీ లేదు:

```
V = R·i + L·(di/dt) + K·ω
J·(dω/dt) = K·i − b·ω − T
dθ/dt = ω
```

మొదటిది కరెంటు కథ, రెండోది షాఫ్ట్ కథ. ω అంటే స్పీడు, θ అంటే కోణం, T అంటే బయటి లోడ్. K·ω అన్నదే బ్యాక్ ఈఎంఎఫ్, అంటే తిరిగే మోటారు తనే పుట్టించే వోల్టేజి. స్పీడుని ఈ వోల్టేజిగా మార్చేది Ke, కరెంటుని టార్క్‌గా మార్చేది Kt. రెండిటికీ ఒకే K ఎందుకు రాశానో మూడో పాయింటు దగ్గర చెబుతాను.

నాలుగో పాయింటుతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి మూడో లైను చాలు. కోణం అంటే స్పీడుని కూడబెట్టుకుంటూ పోవడం. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌లో చెప్పాలంటే స్పీడుది ఏదైతే అదే, పక్కన ఇంకొక 1/s. కదలని 12 వోల్టులు ఇస్తే ఈ మోటారు మొదటి సెకనులోనే 36 చుట్లు తిరుగుతుంది, తర్వాతి సెకనులో దాదాపు 38. ఎక్కడా ఆగదు. కోణానికి వెళ్లి ఆగేది సర్వో. దాని లోపల ఎన్‌కోడరో పొటెన్షియోమీటరో ఉంటుంది, దాన్ని చూసి వోల్టేజిని తగ్గించే ఫీడ్‌బ్యాక్ ఉంటుంది. అది మోటారు గుణం కాదు. ముందుకెళ్దాం.

ఒకటో పాయింటు. L/R ఇక్కడ అర మిల్లీసెకను. ఇది షాఫ్టుని కదలకుండా పట్టుకున్నప్పుడు కరెంటు ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే అంకె, అంతే. షాఫ్టుకి బరువుంది, అది అర మిల్లీసెకనులో స్పీడు అందుకోలేదు. రెండు సమీకరణాలనీ కలిపి పోల్స్, అంటే మోటారు ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకెలు, వెతికితే ఒకటి −1975 దగ్గర, ఇంకొకటి −25.5 దగ్గర వస్తాయి. తిరగేస్తే టైమ్ వస్తుంది: మొదటిది ఆ అర మిల్లీసెకనే. రెండోది 39 మిల్లీసెకన్లు, కంటికి కనబడే స్పీడు పెరుగుదల దానిదే. రెండిటి మధ్యా డెబ్బై ఏడు రెట్ల తేడా ఉంది కాబట్టి స్పీడు, పొజిషన్ల కోసమైతే L ని నిశ్చింతగా సున్నా చేసుకోవచ్చు. అలా చేస్తే నెమ్మది పోల్ −25.5 నుంచి −25.2కి జరుగుతుంది. ఒక్క శాతం తేడా. అంటే ఈ మహానుభావుడు ఏ అంకెని పట్టుకుని వేలాడాడో, మనం పారేయగలిగింది సరిగ్గా అదే. (కరెంటు లూప్ డిజైన్ చేస్తున్నప్పుడు, పీడబ్ల్యూఎమ్ రిపుల్ లెక్కకట్టేటప్పుడు మాత్రం L ని పారేయకండి.)

ఇక అసలు విషయం, రెండో పాయింటు. చిన్న నష్టం అన్నారు. సరే, ఆయన చెప్పినట్టే Kω ని కొట్టేద్దాం. కరెంటు ఎప్పుడూ V/R, అంటే 6 ఆంపియర్లు. టార్క్ 0.3 న్యూటన్ మీటర్లు, ఎప్పుడూ. దాన్ని ఎదిరించేది ఫ్రిక్షన్ ఒక్కటే. 0.3 ని 0.00001తో భాగించండి. సెకనుకి 30,000 రేడియన్లు. ఆర్పీఎమ్‌లోకి మారిస్తే 2,86,000. ఆ స్పీడుకి రోటర్ ఎప్పుడో పగిలి ఉంటుంది. బల్ల మీద ఉన్న మోటారు మాత్రం 2,274 ఆర్పీఎమ్ దగ్గర ప్రశాంతంగా తిరుగుతుంటుంది. ఆ చిన్న నష్టాన్ని వదిలేసినందుకు జవాబు నూట ఇరవై ఆరు రెట్లు తప్పింది!

జరిగేదేమిటంటే, స్పీడు పెరిగేకొద్దీ Kω పెరిగి సప్లైకి ఎదురొస్తుంది. కాయిల్‌కి మిగిలే వోల్టేజి తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది, టార్క్ తగ్గుతుంది. సెకనుకి 238 రేడియన్ల దగ్గర ఎదురొచ్చేది 11.9 వోల్టులు. కాయిల్‌కి మిగిలింది 0.1 వోల్టు కూడా లేదు. కరెంటు 48 మిల్లీఆంపియర్లు, అది ఫ్రిక్షన్‌కి సరిపోతుంది. స్పీడు అక్కడ నిలబడుతుంది. ఈ మోటారులో స్పీడుని నిలబెట్టేది ఫ్రిక్షన్ కాదు, బ్యాక్ ఈఎంఎఫ్. L ని సున్నా చేసి మొదటి సమీకరణాన్ని రెండోదాంట్లో పెడితే అది b కి K²/R ని కలుపుతుంది. K²/R విలువ 0.00125, b కంటే 125 రెట్లు. వదిలేయాల్సినది ఏదైనా ఉంటే అది b.

లెక్కలు నమ్మకపోతే చేత్తో చూడొచ్చు. చిన్న పర్మనెంట్ మాగ్నెట్ మోటారు తీసుకుని, వైర్లు విడిగా ఉంచి షాఫ్టుని వేళ్లతో గట్టిగా తిప్పి వదలండి. కాసేపు దొర్లుతుంది. ఇప్పుడు రెండు వైర్లనీ ఒకదానికొకటి ముట్టించి మళ్లీ తిప్పండి. ఏదో పట్టుకున్నట్టు చటుక్కున ఆగుతుంది. రెండోసారి ఫ్రిక్షన్ ఏమీ పెరగలేదు, బేరింగులు అవే, బ్రష్‌లు అవే. కరెంటుకి దారి దొరికింది కాబట్టి బ్యాక్ ఈఎంఎఫ్ బ్రేకు వేసింది. మన మోటారు మోడల్లో మొదటి దానికి టైమ్ కాన్‌స్టంట్ J/b, అంటే 5 సెకన్లు. రెండోదానికి 40 మిల్లీసెకన్లు.

ఇక్కడే ఒకటి ఒప్పుకోవాలి. మీ డ్రైవర్ వోల్టేజిని కాక కరెంటుని నియంత్రించే రకమైతే, ఎంత స్పీడున్నా అడిగిన కరెంటుని అదే పంపుతుంటే, మోడల్లోంచి బ్యాక్ ఈఎంఎఫ్ నిజంగానే మాయమవుతుంది. అప్పుడు టార్క్ నేరుగా K·i, టైమ్ కాన్‌స్టంట్ ఆ 5 సెకన్లే. పరిశ్రమలో చాలా సర్వో డ్రైవులు లోపల చేసేది ఇదే. కాబట్టి మెసేజ్ రాసినాయన ఎక్కడో ఆ రకం మోడల్ చూసి ఉండొచ్చు. కానీ అది సప్లై వోల్టేజిలో చోటున్నంతవరకే. స్పీడు 238 దగ్గరికి వస్తే ఆ డ్రైవర్ దగ్గర కూడా తోయడానికి వోల్టేజి మిగలదు. పైగా ఆయన రాసింది V/R, కరెంటు సోర్స్ కాదు.

అసలు ప్రమాదం ఆ "కరెంటు ఎప్పుడూ V/R" దగ్గరుంది. 6 ఆంపియర్లే కదా, కాస్త మార్జిన్ చూసుకుని 8 ఆంపియర్ల డ్రైవర్ కొందాం అనిపిస్తుంది. కొన్నారు. మోటారు పూర్తి స్పీడులో ఉంది. రివర్స్ బటన్ నొక్కారు. సప్లై ఇప్పుడు −12. షాఫ్టు మాత్రం ఇంకా ముందుకే తిరుగుతోంది, దాని బ్యాక్ ఈఎంఎఫ్ ఆ 11.9 ఇప్పుడు సప్లైకి ఎదురు కాదు, తోడు. మొత్తం 23.9 వోల్టులు 2 ఓమ్‌ల మీద పడతాయి. రెండు మిల్లీసెకన్లు గడిచేలోపు కరెంటు 11 ఆంపియర్లు దాటుతుంది. పట్టి ఉంచిన షాఫ్టు తాగే కరెంటుకి దాదాపు రెట్టింపు. డ్రైవర్‌లో కరెంటు లిమిట్ ఉంటే బతికిపోతుంది, లేకపోతే వాసన వస్తుంది. వదిలేయమన్న పదం ఎక్కడికీ పోలేదు గురూ, బిల్లు పట్టుకుని తిరిగొచ్చింది. డిజైన్‌లో V/R ని కాదు, 2V/R ని చూసుకోవాలి. లేదా వోల్టేజిని అంచెలంచెలుగా తిప్పాలి.

నష్టం అనే మాట కూడా తప్పే, మూడో పాయింటు దాంతోపాటే పోతుంది. లోడ్ పెట్టి 1 ఆంపియర్ తీసుకుంటున్నామనుకోండి. కాయిల్‌లో 2 వోల్టులు, బ్యాక్ ఈఎంఎఫ్ 10 వోల్టులు, స్పీడు 200. లోపలికి వెళ్లేది 12 వాట్లు. వేడైపోయేది 2 వాట్లు, అదీ నష్టం. మిగతా 10 వాట్లు బ్యాక్ ఈఎంఎఫ్ గుండానే షాఫ్టుకి చేరతాయి. వైరు వైపు చూస్తే ఆ 10 వాట్లు Ke·ω·i. షాఫ్టు వైపు చూస్తే Kt·i·ω. రెండూ ఒకే పవర్ కాబట్టి Ke, Kt ఒకటే అంకె కాక తప్పదు. వేర్వేరుగా కనబడేది డేటాషీట్ వల్ల. ఒక చోట వోల్టుకి 191 ఆర్పీఎమ్ అనీ, ఇంకో చోట ఆంపియర్‌కి 50 మిల్లీన్యూటన్ మీటర్లనీ ఉంటుంది. 191 ని రేడియన్లలోకి మార్చి తిరగేయండి, 0.05 వస్తుంది. ఆర్పీఎమ్‌ని అలాగే సమీకరణంలో పెట్టేసి, Ke కీ Kt కీ సంబంధం లేదని నలుగురికీ చాటడం ఇంకో పద్ధతి.

ఐదో పాయింటు దాదాపు నిజమే. స్పీడు మోడలైతే bω తో పని జరిగిపోతుంది. పొజిషన్ కంట్రోల్‌లో మాత్రం దెబ్బతింటారు, ఎందుకంటే చిన్న మోటార్లలో బ్రష్‌ల రాపిడి స్పీడుతో పెద్దగా మారదు. కదలాలంటే ముందు దాన్ని దాటాలి. అది 0.002 న్యూటన్ మీటర్లు ఉంటే 40 మిల్లీఆంపియర్లు, అంటే 0.08 వోల్టు దాకా షాఫ్టు కదలదు. bω ఒక్కటే ఉన్న మోడల్ మాత్రం 0.05 వోల్టుకి కూడా కదులుతుందంటుంది. ఫలితంగా సిమ్యులేషన్‌లో సరిగ్గా కోణానికి చేరే లూప్, నిజం మోటారులో కాస్త ముందే ఆగిపోతుంది. దాన్ని సరిచేయడానికి ఇంటిగ్రల్ పెడితే అటూ ఇటూ ఊగుతూ కూర్చుంటుంది.

కొలవడం కష్టమేం కాదు. లోడ్ లేకుండా 3, 6, 9, 12 వోల్టుల దగ్గర స్పీడునీ కరెంటునీ రాసుకోండి. కరెంటుని K తో గుణించి స్పీడుకి ఎదురుగా గీయండి. గీత వాలు b. స్పీడు సున్నా దగ్గర గీత నిలువు అక్షాన్ని ఎంత ఎత్తులో తాకితే అంత బ్రష్‌ల, బేరింగుల రాపిడి. R మాత్రం మల్టీమీటరుతో ఒక్కసారి చూసి వదిలేయకండి. బ్రష్ కింద కమ్యుటేటర్ ముక్క మారినప్పుడల్లా అంకె మారుతుంది, మీటరు పంపే చిన్న కరెంటుకి బ్రష్ అడ్డు ఎక్కువగా కనిపిస్తుంది. షాఫ్టుని పట్టి ఉంచి, వేడెక్కనంత సేపు అసలు కరెంటు పంపి, నాలుగైదు కోణాల్లో చూసి సగటు తీయండి.