మార్కులు పెట్టింది ఒకరు, పొగిడింది ఇంకొకరిని

ఇప్పుడే ఫ్యామిలీ గ్రూపు మ్యూట్ చేసి వచ్చి ఇది రాస్తున్నా. కోపం ఇంకా దిగలేదు, మాట కాస్త గట్టిగా పడితే ఏమనుకోకండి.

ఈరోజు ఇంటర్ ఫస్టియర్ రిజల్ట్స్. మధ్యాహ్నం మా అక్క కూతురు తన మెమో స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టింది. బైపీసీ. ఇంగ్లిష్ 97, సంస్కృతం 99, బోటనీ 58, జువాలజీ 57, ఫిజిక్స్ 58, కెమిస్ట్రీ 58. మొత్తం 440కి 427. కింద ఒక్క లైను రాసింది, "అందరి ఆశీర్వాదం" అని. అంతే. ఆ పిల్ల ఎవరితోనూ పోటీకి రాలేదు, ఎవరి మార్కులూ అడగలేదు.

మొదటి రిప్లై మా పెదనాన్నది. "కంగ్రాట్స్ తల్లీ. మనవాడికి 452 వచ్చాయి. నువ్వు కూడా ఇంకాస్త కష్టపడితే వచ్చేవి. ఇంప్రూవ్‌మెంట్ రాయి." మనవాడంటే ఆయన కూతురి కొడుకు. అదే కాలేజీ, ఎంపీసీ.

అక్కడి నుంచి గ్రూపంతా ఆ పిల్లాడి వైపు తిరిగింది. "452నా! సూపర్", "తాత పోలిక", పూలగుత్తులు, చప్పట్లు. మెమో పెట్టింది ఈ పిల్ల, పొగడ్తలన్నీ ఫోన్ పట్టుకోకుండా ఎక్కడో క్రికెట్ ఆడుకుంటున్న వాడికి. పదిహేను నిమిషాల తర్వాత చూస్తే ఆ స్క్రీన్‌షాట్ ఉన్న చోట "దిస్ మెసేజ్ వాజ్ డిలీటెడ్" అని ఉంది. తీసేసింది. 427 తెచ్చుకున్న పిల్ల తన మార్కులు తనే దాచేసుకుంది.

ఇంటర్ చదివిన పిల్లలున్న ప్రతి ఇంట్లో తెలిసిన విషయమే, వీళ్లు రాసిన పరీక్షలో ఎంపీసీ ఫస్టియర్ 470కి, బైపీసీ ఫస్టియర్ 440కి. ఎంపీసీలో మ్యాథ్స్ రెండు పేపర్లు 75 చొప్పున 150, బైపీసీలో బోటనీ, జువాలజీ 60 చొప్పున 120. ఆ 30 తేడా అక్కడిది. సెకండియర్‌లో బైపీసీ వాళ్లకి ప్రాక్టికల్స్ ఎక్కువ కాబట్టి చివరికి ఇద్దరికీ వెయ్యే అవుతుంది. అంటే ఈ పిల్లకి పోయినవి 13 మార్కులు, వాడికి పోయినవి 18. పెదనాన్నకి ఆ లెక్క తెలియదు, 427 కంటే 452 పెద్ద అంకె, ఆయనకి అది చాలు.

ఈ లెక్కంతా గ్రూపులో టైప్ చేశాను. "పెదనాన్నా, అసలు పర్సంటేజీ చూస్తే మా పిల్లకే ఎక్కువ" అని మొత్తం రాసి, సెండ్ నొక్కబోయి ఆగిపోయాను. ఎందుకంటే వాడు కూడా పదహారేళ్ల పిల్లాడే. వాడి 452 కూడా వాడు కష్టపడి తెచ్చుకున్నవే. ఈ పిల్లని తక్కువ చేశారని నేను వాడిని తక్కువ చేస్తే, పెదనాన్న చేసిన పనే నేనూ చేసినట్టు. లెక్క సరిగ్గా వేసినా పోలిక పోలికే. అందుకే మొత్తం చెరిపేసి పిల్లకి ఫోన్ చేశాను.

ఫోనెత్తగానే అడిగిన మొదటి మాట, "చిన్నమ్మా, నిజంగా ఇంప్రూవ్‌మెంట్ రాయాలా?" చెప్పండి, దీనికేం సమాధానం చెప్పాలి. 60కి 57, 58 వచ్చిన పేపర్లు మళ్లీ రాయాలా అని అడుగుతోంది. పొద్దున రిజల్ట్ చూసి వాళ్లమ్మని పట్టుకుని ఎగిరిన పిల్ల అది.

వాళ్లమ్మ అంటే గుర్తొచ్చింది, నా కోపం అసలు ఈరోజుది కాదు. మా అక్క 2010లో సర్కారు బడిలో ఎస్‌జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా చేరింది. 2024 జూన్‌లో స్కూల్ అసిస్టెంట్‌గా, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచరుగా ప్రమోషన్ వచ్చింది. పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లలో సీనియారిటీ లిస్టు ఎన్నిసార్లు వేశారో, ఎన్నిసార్లు కోర్టు కేసులని ఆగిపోయిందో, తన పేరు పక్కన అభ్యంతరాలున్నాయేమోనని ఎన్ని రాత్రులు పీడీఎఫ్‌లు జూమ్ చేసి చూసుకుందో నాకు తెలుసు. టీచర్ ప్రమోషన్ తెలివితేటల మీద వచ్చేది కాదు. పై పోస్టు ఖాళీ ఉండాలి, సబ్జెక్టు అర్హత ఉండాలి, లిస్టులో మన వంతు రావాలి, ప్రభుత్వం షెడ్యూల్ ఇవ్వాలి. ఇందులో మా అక్క చేతిలో ఉన్నది అర్హత ఒక్కటే, దాన్ని ఎప్పుడో సంపాదించి పెట్టుకుంది.

ఆర్డర్ కాపీ గ్రూపులో పెట్టిన రోజు ఇదే పెదనాన్న రాసింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఇన్నాళ్లకి వచ్చిందన్నమాట, సంతోషం. మా కోడలు నాలుగేళ్లకే టీమ్ లీడ్ అయింది." సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌కీ సర్కారు బడిలో స్కూల్ అసిస్టెంట్‌కీ ఏం సంబంధం? అక్క రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంది. ఆరోజు నేనూ ఊరుకున్నాను, పెద్దాయన కదా అని. ఆ ఊరుకోవడం వల్లే ఈరోజు కూతురి దాకా వచ్చింది.

ఆయన చెడ్డవాడని నేననను. అక్క పెళ్లికి పది రోజులు ముందే వచ్చి పనులన్నీ నెత్తిన వేసుకున్నది ఆయనే. అభినందించడమంటే ఆయనకి పక్కన ఇంకొకరిని నిలబెట్టి ఎత్తు కొలవడం. చాలామంది పెద్దవాళ్లు ఇంతే. కంగ్రాట్స్ దాకా బాగానే రాస్తారు, ఆ తర్వాతి వాక్యంలోనే చెడగొడతారు. "కానీ" అనో, "మనవాడికి" అనో, "కాలేజీ ఫస్ట్ ఎంత?" అనో మొదలవుతుంది. ఇంకొకటి మంచి మాటలా కనబడుతుంది, కానీ ఇంతకంటే ఘోరం: "చూశావా తమ్ముడూ, అక్కలా చదవాలి." ఆ తమ్ముడు కూడా అదే గ్రూపులో ఉంటాడు. ఈరోజు మా బాబాయి కొడుక్కి ఫిజిక్స్ పోయింది. వాడు గ్రూపులో ఒక్క మాట మాట్లాడలేదు, కానీ ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనబడుతూనే ఉంది. 452 అని చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరికైనా వాడు గుర్తొచ్చాడా?

రాయాల్సింది పెద్ద కష్టమేం కాదు. మా అమ్మ ఐదో తరగతి దాకా చదివింది, వాయిస్ మెసేజ్ పెట్టింది: "బుజ్జీ, జువాలజీ బొమ్మలు వేసుకుంటూ రాత్రి పన్నెండింటి దాకా కూర్చున్నావు గదనే, నేను చూసిన. మంచిగొచ్చినయ్ బిడ్డా. ఆదివారం రా, బొబ్బట్లు చేస్తా." అందులో ఇంకొకరి పేరు లేదు, అంకె కూడా లేదు. ఆ పిల్ల ఏం చేసిందో తను చూసింది, అదే చెప్పింది. అంత దగ్గరగా చూడని వాళ్లు "చాలా సంతోషం తల్లీ" అని రాసి ఆపేస్తే చాలు. మనవడి మార్కులు చెప్పుకోవాలనుంటే సాయంత్రం వాడి మెమో వేరుగా పెట్టండి, అందరం వాడికీ చప్పట్లు కొడతాం. సలహా ఇవ్వాలనుంటే పిల్ల అడిగినప్పుడు ఇవ్వండి, అదీ ఫోన్లో ఇవ్వండి, నలభై మంది ముందు కాదు.

రాత్రి ఎనిమిదింటికి ఆ పిల్లాడు నా ఫోన్‌కి మెసేజ్ చేశాడు. "చిన్నమ్మా, తాత అలా రాస్తాడని నాకు తెలీదు. అక్క నామీద కోపంగా ఉందా? నా మెసేజ్ చూడట్లేదు." మార్కులు ఎక్కువొచ్చినవాడి సంగతి ఇది. నిన్నటిదాకా ఒకే ఆటోలో కాలేజీకెళ్లిన పిల్లలు.

పెదనాన్నకి రేపు పొద్దున ఫోన్ చేస్తా. గ్రూపులో కాదు, విడిగానే, మర్యాదగానే చెప్తా, కానీ 2024 జూన్ మాట కూడా కలిపి చెప్తా. పిల్ల మాత్రం సెకండియర్ రిజల్ట్ గ్రూపులో పెట్టనని వాళ్లమ్మతో తేల్చి చెప్పిందట. నాకొక్కదానికి పంపుతానంది. పంపమన్నాను.